‘గ్రూప్‌లో అనుకున్నాం కదా అంకుల్’ అని ఎలా రాయాలి?

ప్రశ్న: మా బిల్డింగ్‌లో మెట్ల పక్కన ఒక ఉమ్మడి పార్కింగ్ ఉంది. 201, 202 ఫ్లాట్లు వారం మార్చి వారం వాడుకోవాలని ఫిబ్రవరి 9, ఆదివారం నాడు బిల్డింగ్ వాట్సాప్ గ్రూప్‌లో అనుకున్నాం. ప్రెసిడెంట్ గారు పెట్టిన మెసేజ్ ఇది: “మెట్ల పక్క పార్కింగ్: రేపు సోమవారం నుంచి ఒక వారం 201, ఒక వారం 202. ఆదివారం రాత్రి 9 కల్లా ఖాళీ చేయాలి. చుట్టాలొస్తే ముందురోజు గ్రూప్‌లో చెప్పి సర్దుకోవాలి.” నేను “సరే అండి” అన్నాను. 201 ఆంటీ బొటనవేలు గుర్తు పెట్టారు. ఆరోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను. అయినా 201 అంకుల్ మార్చి 5, 12, 19 తేదీల్లో మా వారంలోనే కారు పెట్టేశారు. కోపంతో గ్రూప్‌లో పెడదామని ఇలా రాశాను: “అంకుల్, ఎన్నిసార్లు చెప్పాలి? ఒప్పుకుని కూడా ఎప్పుడూ మీరే పెడతారు. రూల్ అందరికీ ఒకటే. స్క్రీన్‌షాట్ చూడండి.” పంపకుండా ఆగాను. ఆయన పెద్దాయన, మా ఇంట్లోవాళ్లకు ఆంటీతో మంచి స్నేహం. గొడవ పడకుండా, అలాగని మెత్తగా కాకుండా ఎలా రాయాలి?
— 202 ఫ్లాట్

సమాధానం: ఆగడం మంచిదైంది. మర్యాద మాట తర్వాత, ముందు లెక్క చూద్దాం. మీరు రాసిన మూడు తేదీల్లో ఒకటి మీది కాదు.

ఒప్పందంలో 201 పేరు ముందుంది, మొదలు సోమవారం నుంచి. అంటే ఫిబ్రవరి 10 నుంచి 16 వరకు 201 వాళ్లది, 17 నుంచి 23 వరకు మీది. 24 నుంచి మార్చి 2 వరకు మళ్లీ వాళ్లది. మార్చి 3 నుంచి 9 మీది, 10 నుంచి 16 వాళ్లది, 17 నుంచి 23 మీది. మార్చి 5, 19 మీ వారాల్లోనే పడ్డాయి. మార్చి 12 మాత్రం నిఖార్సుగా అంకుల్ వారం. ఆ రోజు ఆయన కారు అక్కడ ఉండటంలో తప్పేమీ లేదు. మూడూ బుధవారాలే కావడంతో మీకు అవి ఒకే వరసలో కనబడి ఉంటాయి. అంకుల్ క్యాలెండర్ తీసి చూసుకుంటే మొదట దొరికేది ఈ పన్నెండో తేదీయే. ఇక మిగతా రెండు తేదీల గురించీ ఎవరూ మాట్లాడరు. మెసేజ్ రాయడానికి ముందు ఒక కాగితం మీద వారాలు రాసుకుని, మీ ఫిర్యాదు తేదీలను ఒక్కొక్కటిగా వాటి పక్కన పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని. ఇది చేయకుండా పంపిన మెసేజ్‌కు ఎంత మర్యాద పూసినా లాభం ఉండదు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ లెక్క మొదటి వారం నిజంగా 201 వాళ్లే పెట్టుకున్నారన్న నమ్మకం మీద నిలబడింది. ఫిబ్రవరి 10 వారంలో వాళ్లు ఊళ్లో లేక మీరే వాడుకుని ఉంటే, ఆయన మనసులో వరస అక్కడి నుంచే తిరగబడి ఉండొచ్చు. అప్పుడు ఆయన దృష్టిలో మార్చి 5, 19 ఆయనవే. అలాంటిది ఏమైనా జరిగిందేమో ఇంట్లో అడిగి తెలుసుకోండి. జరిగి ఉంటే మెసేజ్‌లో ఫిర్యాదు తీసేసి, ‘ఇక్కడి నుంచి వారాలు ఇలా లెక్కపెడదాం’ అన్నదొక్కటే ఉంచండి.

ఒప్పందంలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకటి, చుట్టాల వాక్యం. ముందురోజు గ్రూప్‌లో చెబితే సర్దుకోవాలని అందులోనే ఉంది. మార్చి 4న, 18న అంకుల్ గానీ ఆంటీ గానీ గ్రూప్‌లో ఏమైనా రాశారేమో వెతికి చూడండి. “రేపు మా అమ్మాయివాళ్లు వస్తున్నారు” లాంటి ఒక్క లైను ఎక్కడో పండగ శుభాకాంక్షల మధ్య కొట్టుకుపోయి ఉంటే, ఆ తేదీ కూడా మీ జాబితాలోంచి తీసేయాల్సిందే. రెండు, బొటనవేలు పెట్టింది ఆంటీ, కారు పెట్టేది అంకుల్. ఆయన ఆ మెసేజ్ చదివారని మీ దగ్గర ఏ ఆధారమూ లేదు. ఒక ఇంటి నుంచి గ్రూప్‌లో ఒకరే చూడటం, ఆ మాట ఇంకొకరి దాకా చేరకపోవడం చాలా బిల్డింగుల్లో జరిగేదే. కాబట్టి “ఒప్పుకుని కూడా” అన్న మాట నిలవదు. పైగా అది భార్యాభర్తల మధ్య “నువ్వెందుకు ఒప్పుకున్నావు” అన్న పేచీకి దారి తీస్తుంది. ఆ పేచీ తిరిగి మీ ఇంట్లోవాళ్ల స్నేహం మీదే పడుతుంది. “గ్రూప్‌లో అనుకున్నాం” అనండి చాలు. అందులో అందరూ ఉన్నారు, ఎవరినీ వేలెత్తి చూపలేదు.

ఇక స్క్రీన్‌షాట్. మీ దగ్గరున్నది పనికిరాకపోవచ్చు. అదే రోజు తీశానన్నారు కదా. వాట్సాప్‌లో ఆ రోజు మెసేజ్‌ల పైన తేదీ ఉండదు, “Today” అని ఉంటుంది. మర్నాడైతే “Yesterday”, ఆ వారంలోనే అయితే వారం పేరు, అది దాటాకే పూర్తి తేదీ కనబడుతుంది. అంటే మీ బొమ్మ మీద ఫిబ్రవరి 9 అన్న ముక్క ఎక్కడా ఉండి ఉండదు, టైమ్ మాత్రమే ఉంటుంది. ఇప్పుడు కొత్తగా తీయండి. గ్రూప్ తెరిచి, వెతికే చోట “మెట్ల పక్క” అని కొట్టండి. మెసేజ్ దొరికాక దాని మీద నొక్కి, తేదీ గుర్తు కూడా తెర మీదికి వచ్చేలా కాస్త పైకి జరపండి. ఒకే బొమ్మలో నాలుగు కనబడాలి: తేదీ, ప్రెసిడెంట్ గారి మెసేజ్ మొత్తం, దాని కింద ఆ బొటనవేలు, మీ “సరే అండి”. మెసేజ్ పొడవై సగంలో ముడుచుకుని ఉంటే ముందు దాన్ని పూర్తిగా విప్పండి. అన్నీ ఒక తెరలో పట్టకపోతే రెండు బొమ్మలు తీయండి. మొదటి దాని చివరి లైను రెండో దాని మొదట్లో మళ్లీ కనబడాలి. మధ్యలో ఏదో కత్తిరించారన్న అనుమానం అప్పుడు రాదు.

తీశాక ఒకసారి పేర్లు చూడండి. ఇది చాలామంది మరిచిపోతారు. స్క్రీన్‌షాట్‌లో పేర్లు మీ ఫోన్‌లో మీరు దాచుకున్నట్టే కనబడతాయి. ఆంటీ నంబర్ “201 కారు వాళ్లు” అనో, ప్రెసిడెంట్ గారిది “మెయింటెనెన్స్ గోల” అనో ఉంటే, ఆ బొమ్మ చూసేవాళ్లకు పార్కింగ్ సంగతి కనబడదు. ముందు కాంటాక్ట్ పేరు మార్చి, తర్వాత స్క్రీన్‌షాట్ తీయండి. పైన బ్యాటరీ పక్కన వచ్చిన వేరే నోటిఫికేషన్లు ఉంటే ఆ పట్టీ కత్తిరించేయండి. అంతకు మించి బొమ్మను ముట్టుకోవద్దు. ఎర్ర గీతలు, గుండ్రాలు, బాణాలు పెడితే అది గుర్తుచేయడంలా ఉండదు, దొంగను పట్టిచ్చినట్టు ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకు, గ్రూప్‌లోని మెసేజ్‌ను అలాగే ఫార్వర్డ్ చేయొచ్చు కదా అనిపించవచ్చు. ఫార్వర్డ్ చేస్తే ఎవరు రాశారో, ఏ రోజు రాశారో రెండూ పోతాయి. కింద వచ్చిన జవాబులూ రావు. మిగిలేది మీరు పంపిన ఒక పేరా మాత్రమే. ఇక్కడ స్క్రీన్‌షాట్ అవసరం అందుకే. అయితే దానికీ ఒక హద్దుంది. బొటనవేలు గుర్తు బొమ్మలో కనబడుతుంది గానీ అది ఎవరిదో కనబడదు, ఆ పేరు తెలియాలంటే ఫోన్‌లో దాని మీద నొక్కాలి. కాబట్టి ఆ బొమ్మను ‘మీ ఇంటివాళ్లు సరేనన్నారు’ అనడానికి రుజువుగా వాడొద్దు. ‘ఏం అనుకున్నాం’ అన్నదానికి మాత్రమే వాడండి.

ఒప్పందం మాటల్ని బొమ్మతోనే వదిలేయకుండా మెసేజ్‌లో కూడా టైప్ చేయండి. పెద్దవాళ్లకు ఫోన్‌లో బొమ్మ తెరిచి, పెద్దది చేసి, సన్నటి అక్షరాలు చదవడం కష్టం. చాలామంది చదవరు కూడా, స్క్రీన్‌షాట్ వచ్చిందంటే ఏదో తగువని మాత్రం అర్థం చేసుకుంటారు. టైప్ చేసేటప్పుడు ప్రెసిడెంట్ గారి మాటలు ఉన్నవి ఉన్నట్టు, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. మీ సొంత మాటల్లో చెబితే మీకు తెలియకుండానే మీవైపు ఒరుగుతుంది. “చుట్టాలొస్తే” వాక్యం మీకు అక్కర్లేదనిపించినా వదలొద్దు. కొటేషన్‌లో లేని వాక్యం స్క్రీన్‌షాట్‌లో కనబడితే, మిగతాదంతా అనుమానంగానే చదువుతారు.

పంపేది అంకుల్‌కు విడిగా, గ్రూప్‌లో కాదు. పది కుటుంబాల ముందు ఒక పెద్దాయనకు తేదీలు చదివి వినిపిస్తే, ఆయన జవాబు చెప్పేది మీకు కాదు, ఆ పది కుటుంబాలకు. అప్పుడు తగ్గడం ఆయనకు కుదరదు. ఆంటీకి పంపడం కూడా సరికాదు. స్నేహం ఉంది కదా అని ఆవిడ చేత చెప్పిస్తే, మధ్యవర్తి పని ఆవిడ నెత్తిన పెట్టినట్టే.

ఎప్పుడు పంపాలన్నది మాటల కంటే ముఖ్యం. ఆయన కారు మీ వారంలో అక్కడ ఉండగా, మీరు రోడ్డు మీద చోటు వెతుక్కుంటూ పంపే మెసేజ్‌కు అప్పటికప్పుడు కిందికి దిగి రావడం తప్ప జవాబు లేదు. రాత్రిపూట చొక్కా వేసుకుని, తాళాలు వెతుక్కుని, వాచ్‌మన్ చూస్తుండగా కారు తీయాలంటే ఎవరికైనా రోషం వస్తుంది. అలాంటి రోజున ఫోన్ చేయండి: “అంకుల్, మెట్ల పక్క పార్కింగ్ ఈ వారం మాది, కాస్త తీస్తారా, నేను కిందే ఉన్నాను.” ఒప్పందం, స్క్రీన్‌షాట్ ఊసు ఆ ఫోన్‌లో ఎత్తొద్దు. రాతపూర్వకంగా చెప్పేది ఆయన సొంత వారంలో, ఆయన కారు న్యాయంగా అక్కడున్నప్పుడు పంపాలి. ఆ సమయానికి ఎవరూ తప్పులో లేరు. మీ లెక్కలో మార్చి 24 నుంచి 30 వరకు ఆయనది. కాబట్టి 29, శనివారం పొద్దున పంపితే బాగుంటుంది. మర్నాడు రాత్రి 9 గంటలు అనే గడువు దగ్గర్లో ఉంది, ఆలోచించుకోవడానికి ఒకటిన్నర రోజు కూడా ఉంది.

మెసేజ్ ఇలా ఉండొచ్చు:

“నమస్తే అంకుల్, 202 నుంచి. మెట్ల పక్క పార్కింగ్ గురించి రాస్తున్నాను. ఫిబ్రవరి 9న గ్రూప్‌లో ఇలా అనుకున్నాం: ‘రేపు సోమవారం నుంచి ఒక వారం 201, ఒక వారం 202. ఆదివారం రాత్రి 9 కల్లా ఖాళీ చేయాలి. చుట్టాలొస్తే ముందురోజు గ్రూప్‌లో చెప్పి సర్దుకోవాలి.’

ఆ లెక్కన మార్చి 3–9, 17–23 మా వారాలు. 5న, 19న నేను వచ్చేసరికి అక్కడ మీ కారు ఉంది, నాది బయట రోడ్డు మీద పెట్టాల్సి వచ్చింది. గ్రూప్‌లో తేదీలు వేయలేదు కాబట్టి వారాలు కలగలిసి ఉంటాయి.

ఈ వారం మీది. రేపు ఆదివారం రాత్రి 9 కల్లా మీరు తీస్తే, 31 సోమవారం నుంచి ఏప్రిల్ 6 వరకు నేను పెట్టుకుంటాను. 6వ తేదీ రాత్రి 9కి నేను ఖాళీ చేస్తాను. మా వారంలో మీకు అవసరం పడితే ముందురోజు ఒక్క ఫోన్ చేయండి, సర్దుకుంటాను. చెప్పకుండా పెడితే మాత్రం నాకు ఆ రాత్రి వేరే చోటు దొరకదు.

నా లెక్కలో ఎక్కడైనా తేడా ఉందనిపిస్తే చెప్పండి. గ్రూప్‌లోని మెసేజ్ కింద పెడుతున్నాను, మీరు వెతుక్కోనక్కర్లేకుండా.”

ముందు ఈ మాటలు వెళ్లాలి, తర్వాత స్క్రీన్‌షాట్. బొమ్మ ముందు వెళితే ఫోన్‌లో ‘ఫోటో వచ్చింది’ అని కనబడుతుంది, తెరిస్తే మొదట కళ్లబడేది ఆధారం. మాటలు ముందుంటే బొమ్మ వాటికి తోడుగా వస్తుంది. మధ్యలో పది నిమిషాల ఖాళీ రాకుండా బొమ్మను ముందే కత్తిరించి సిద్ధంగా పెట్టుకోండి. పంపాక తేదీ తప్పు టైప్ చేశారని తెలిస్తే 15 నిమిషాల్లోపు సవరించవచ్చు, కానీ “Edited” అన్న గుర్తు పడుతుంది. తేదీల మీద నడిచే మెసేజ్‌కు ఆ గుర్తు అందం కాదు. పంపే ముందే ఇంకొకరితో చదివించండి.

ఇందులో గట్టిదనం ఎక్కడుందో గమనించండి. రెండు తేదీలు, ఒక గడువు, ‘చెప్పకుండా పెడితే మాత్రం’ అన్న ఒక్క వాక్యం. అంతే. ఆ వాక్యంలో బెదిరింపు లేదు, మీకు ఏమవుతుందో మాత్రమే ఉంది. స్నేహం కూడా అంతే పొదుపుగా ఉంది. వారాలు కలగలిసి ఉంటాయని ఆయనకు ఒక గౌరవమైన దారి వదిలారు. మీ వంతు గడువు మీరే ముందుగా చెప్పుకున్నారు. అవసరమైతే సర్దుకుంటానన్నారు. ‘మీరంటే మాకెంతో గౌరవం’ లాంటివి పెట్టలేదు. ఫిర్యాదుకు ముందు వచ్చే పొగడ్తను పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

మీ చిత్తుప్రతిలో “ఎప్పుడూ”, “ఎన్నిసార్లు చెప్పాలి” రెండూ అబద్ధాలే. కారు పెట్టింది రెండుసార్లు, మీరు చెప్పింది ఒక్కసారీ లేదు, ఉత్తరాన్ని బట్టి చూస్తే. “రూల్ అందరికీ ఒకటే” అన్నది చిన్నపిల్లలకు చెప్పే మాట. పెద్దాయనకు అలా రాస్తే పార్కింగ్ పక్కకు పోయి, ‘ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియదా’ అన్న చోట మొదలవుతుంది. దానికి విరుగుడుగా కొందరు మరీ మెత్తగా రాస్తారు: “వీలైతే”, “కుదిరితే”, “ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి”. వీలైతే అన్నారంటే వీలుకాకపోయినా ఫర్వాలేదన్నట్టే, ఆయన అదే పట్టుకుంటారు. అనుకున్న మాట గుర్తుచేయడానికి క్షమాపణ అక్కర్లేదు. ఇంకో రకం “తమ వాహనమును తొలగించగలరు” అనేది. అది లిఫ్ట్ పక్కన అంటించే నోటీసు భాష, పక్కింటి అంకుల్‌కు రాసేది కాదు. “మీరు తీస్తే నేను పెట్టుకుంటాను” అన్న వరసలో ఆజ్ఞ లేదు, బతిమాలడమూ లేదు.

జవాబు ఎలా వస్తుందో చెప్పలేం గానీ, సాధారణంగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. “అయ్యో, చూసుకోలేదమ్మా” అనో “సరే బాబూ” అనో వస్తే “థాంక్స్ అంకుల్” అని ఊరుకోండి. “ఇకముందు చూసుకోండి” అని తోక తగిలించవద్దు. “చుట్టాలొచ్చారు, అందుకే” అంటే, ఆ వాక్యం ఒప్పందంలోనే ఉంది కాబట్టి వాదించే పని లేదు: “అలా ఉంటే ముందురోజు ఒక్క మాట చెప్పండి అంకుల్, నేను వేరే ఏర్పాటు చేసుకుంటాను.” “మీరూ ఓసారి మా వారంలో పెట్టారు” అంటే ఏ రోజో అడగండి, మీ వారాల కాగితంతో సరిచూడండి. నిజమైతే ఒప్పుకుని, అదే తేదీల పట్టికను ఇద్దరికీ కలిపి ముందుకు నడపండి.

జవాబే రాకపోవచ్చు. నీలం టిక్కులు పడి మాట రాకపోతే దాన్ని అవమానంగా తీసుకోకండి. చాలామంది పెద్దవాళ్లు జవాబు రాయరు, చేసి ఊరుకుంటారు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆగి, కారు కదలకపోతే ఇంకో మెసేజ్ కాకుండా ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తకపోతే వెళ్లి బెల్లు కొట్టడంలో తప్పులేదు, కానీ చేతిలో స్క్రీన్‌షాట్ తెరిచిన ఫోన్ పట్టుకుని వెళ్లొద్దు. సోమవారం పొద్దునకు కూడా కారు అక్కడే ఉంటే రెండో మెసేజ్ పంపండి, ఈసారి రెండే లైన్లు: “అంకుల్, శనివారం రాసిన మెసేజ్ చూశారా? ఈ రోజు నుంచి ఏప్రిల్ 6 వరకు మా వారం, సాయంత్రం 7 కల్లా కారు తీస్తే నేను పెట్టుకుంటాను. ఏదైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పండి.” మొదటి మెసేజ్‌లోని వివరమంతా మళ్లీ ఎక్కించవద్దు, బొమ్మ కూడా మళ్లీ పంపవద్దు. పైకి జరిపితే రెండూ అక్కడే ఉంటాయి.

దానికీ ఏమీ కాకపోతే ప్రెసిడెంట్ గారి దగ్గరికి వెళ్లే సమయం వచ్చినట్టే, గ్రూప్‌కు కాదు. ఆయన రాసిన మెసేజ్ కాబట్టి ఆయనకు విడిగా రాయడం సహజం. గ్రూప్‌లో ఆ మెసేజ్‌ను నొక్కిపట్టి, పంపినవారికి విడిగా జవాబిచ్చే ఆప్షన్ ఎంచుకుంటే అసలు మెసేజ్ కొటేషన్‌గా దానంతటదే వస్తుంది. ఆయనకు స్క్రీన్‌షాట్ అక్కర్లేదు. “ఈ వారాల లెక్కలో మాకూ 201 వాళ్లకూ తేడా వస్తోంది, తేదీలు వేసి గ్రూప్‌లో ఒకసారి పెడతారా” అని అడగండి. పెట్టాల్సిన తేదీలు మీరే రాసివ్వండి, లేకపోతే ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది: మార్చి 31–ఏప్రిల్ 6 202, ఏప్రిల్ 7–13 201, 14–20 202, 21–27 201, ఏప్రిల్ 28–మే 4 202. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరి పేరూ లేదు. గ్రూప్‌లో ఆ మెసేజ్‌ను పైన పిన్ చేయిస్తే 30 రోజుల వరకు అక్కడే ఉంటుంది. గడువయ్యాక మళ్లీ చేయాలి.

నిజానికి మీ గొడవకు మూలం అంకుల్ కన్నా ఆ ఒప్పందమే అనిపిస్తోంది. ‘వారం మార్చి వారం’ అన్నది చెప్పుకోవడానికి సులువు, నెల తిరిగేసరికి ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. సరి తేదీలు మీకు, బేసి తేదీలు మాకు అని మార్చుకుందామని ఎవరైనా అంటే అదీ మేలు కాదు. 31 తర్వాత 1 వస్తుంది, రెండూ బేసే, ఒకరికి వరసగా రెండు రోజులు పోతాయి. పైగా ప్రతి రాత్రీ కార్లు మార్చుకోవాలి. వారాలే ఉంచి, తేదీలు రాసి, ఇద్దరి ఫోన్లలో రెండు వారాలకోసారి ఆదివారం రాత్రి 8 గంటలకు మోగేలా రిమైండర్ పెట్టుకుంటే సరిపోతుంది. అంకుల్ ఫోన్‌లో అది మీరు పెట్టిస్తానంటే ఆయన బహుశా కాదనరు.

చేయకూడని పనులు మీకు తెలిసే ఉంటాయి గానీ, కోపంలో అందరికీ తోచేది ఒకటుంది: ఆయన కారు వెనక మీ కారు అడ్డం పెట్టడం. ఆ క్షణం నుంచి ఒప్పందం తప్పింది మీరు. ఏ స్క్రీన్‌షాట్‌లోనూ ‘అడ్డం పెట్టుకోవచ్చు’ అని లేదు. ఆయన కారు ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టడమూ అలాంటిదే. ఫోటో కావాలనుకుంటే తేదీ, టైమ్ గుర్తుండటం కోసం మీ ఫోన్‌లోనే ఉంచుకోండి.

చివరగా ఒక జవాబుకు ముందే సిద్ధపడండి: “ఆ స్థలం మా ఫ్లాట్‌కు రాసిచ్చిందే, మేమే ఊరికే వాడుకోనిస్తున్నాం.” ఇది వస్తే అక్కడితో మెసేజ్‌లు ఆపేయండి. గ్రూప్‌లో అనుకున్నది ఇద్దరి మధ్య సర్దుబాటుకు గుర్తు మాత్రమే. స్థలం ఎవరిదన్నది తేల్చేవి ఫ్లాట్ కాగితాలు, పార్కింగ్ కేటాయింపు పత్రం, బిల్డింగ్ సంఘం నియమాలు. వాటిలో ఆ చోటు 201 పేరు మీద ఉంటే బొటనవేలు గుర్తు దాన్ని మార్చలేదు. ఉమ్మడి స్థలమని ఉంటే అంకుల్ మాట దాన్ని మార్చలేదు. “అలాగా అంకుల్, నాకు తెలియదు. ప్రెసిడెంట్ గారితో కలిసి కాగితం ఒకసారి చూద్దాం. అప్పటిదాకా గ్రూప్‌లో అనుకున్నట్టే నడుపుదామా?” అని రాయండి. దీనికి ఆయన ఒప్పుకుంటే 6వ తేదీ రాత్రి 9కి మీ కారు తీయడం మాత్రం మరిచిపోకండి.